పాఠం 14: నిలువుగా లేచే గీత, వెనక్కి తిప్పే మొన

పోయిన పాఠంలో |x| తీసుకుని, మూలబిందువు దగ్గర దానికి అవకలజం లేదని తేల్చాం. చివర్లో ఘనమూలం, x^(2/3) ఈ రెండింటికీ గ్రాఫులు గీసి చూడమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావాటిలో ఒకే వాక్యం కనబడింది: "0 దగ్గర అవకలజం లేదు, కాబట్టి అక్కడ మూల ఉంది, స్పర్శరేఖ లేదు." నేను ఒక్క |x| నే చూపించాను, మీరు దాన్నే నియమం చేసుకున్నారు. అందుకని ఈరోజు కొత్త సంగతి మొదలుపెట్టను. ఈ ముడి విప్పాకే ముందుకెళ్దాం.

రావులపాలెం నుంచి ఒకమ్మాయి పంపిన గ్రాఫు నా ముందుంది. x కి -1, -0.5, 0, 0.5, 1 విలువలిచ్చి, x^(2/3) కి ఐదు చుక్కలు పెట్టి, స్కేలుతో కలిపేసింది. కింద "ఇది కూడా |x| లాగే ఉంది కదండీ" అని రాసింది. ఆ ఐదు చుక్కలతో చూస్తే అలాగే ఉంటుంది మరి. అసలు కథంతా 0 కీ 0.5 కీ మధ్య జరుగుతోంది, అక్కడ ఒక్క చుక్కా లేదు.

ఇలాంటి వక్రాలకి నేనెప్పుడూ x తో మొదలుపెట్టను. ముందు t అని ఒక చిన్న సంఖ్య అనుకుని x = t³ అంటాను. అప్పుడు ఘనమూలం t, x^(2/3) ఏమో t². కాలిక్యులేటరుతో పని లేదు. t = 0.5 అయితే x = 0.125, విలువలు 0.5, 0.25. t = 0.2 అయితే x = 0.008, విలువలు 0.2, 0.04. t = 0.1 అయితే x = 0.001, విలువలు 0.1, 0.01. t రుణాత్మకమైనా ఇదే లెక్క: ఘనమూలం గుర్తు మారుస్తుంది, t² మార్చదు. కొన్ని కాలిక్యులేటర్లు (-8)^(1/3) అడిగితే ఎర్రర్ చూపిస్తాయి. దాన్ని చూసి ఎడమవైపు వక్రమే లేదనుకోకండి. -8 కి ఘనమూలం -2, అందులో సందేహం లేదు.

ఇప్పుడు గ్రాఫు కాగితం మీద 1 యూనిట్‌కి 10 సెంటీమీటర్లు తీసుకోండి. పెన్సిల్ గీత మందం అర మిల్లీమీటరు అనుకుందాం, అంటే x లో 0.005. ఆ మందం దాటేలోపే ఘనమూలం 0.171 దాకా, అంటే 1.7 సెంటీమీటర్లు పైకి లేచిపోతుంది. ఎడమవైపు అంతే దూరం కిందికి దిగుతుంది. మొత్తం మూడు సెంటీమీటర్ల పైచిలుకు మీ వక్రం y-అక్షం గీతలో కలిసిపోతుంది. అక్కడ మూల ఎక్కడుంది? నున్నగా, అక్షాన్ని అంటుకునే పోతోంది. అదే మందంలో x^(2/3) లేచేది సుమారు 2.9 మిల్లీమీటర్లే. అందుకే అది మామూలు V లా కంటిని మోసం చేసింది.

కంటిని వదిలి లెక్కకొద్దాం. మూలబిందువునీ, వక్రం మీద దగ్గరి బిందువునీ కలిపే ఛేదనరేఖ వాలు f(h)/h. ఘనమూలానికి అది h^(1/3)/h, అంటే 1/h^(2/3). h = 0.001 అయితే వాలు 100. h = -0.001 అయినా 100 యే, ఎందుకంటే పైనా కిందా రెండూ రుణాత్మకం. రెండువైపులా +∞ కే పోతోంది. x^(2/3) కి వాలు 1/h^(1/3): h = 0.001 దగ్గర 10, h = -0.001 దగ్గర -10. కుడివైపు +∞, ఎడమవైపు -∞. రెండింటికీ అవకలజం లేదు, ఎందుకంటే అనంతం ఒక సంఖ్య కాదు. కానీ |x| లో ఛేదనరేఖలు రెండు వేర్వేరు గీతలుగా, 45 డిగ్రీల్లో అటొకటి ఇటొకటి నిలిచిపోయాయి. ఇక్కడ రెండువైపుల ఛేదనరేఖలూ ఒకే నిలువు గీత మీదికి, y-అక్షం మీదికి, వాలుతున్నాయి.

ఘనమూలం దగ్గర ఉన్నది నిలువు స్పర్శరేఖ. x^(2/3) దగ్గర ఉన్నదాన్ని కస్ప్ అంటారు, నేను మొన అంటాను. మా ఊరి దగ్గర కాలువ రెండు పాయలుగా చీలే చోట గట్టు ముక్కులా పొడుచుకొస్తుంది. పాయలు నెమ్మదిగా విడిపోతాయి కాబట్టి ముక్కుకి అటూ ఇటూ ఉన్న ఒడ్లు రెండూ మొదట్లో ఒకే దిక్కుకి బయల్దేరి, ఆ తర్వాత దూరమవుతాయి. ఒక ఒడ్డు వెంట నడిచి ముక్కు చివరికి వచ్చి రెండో ఒడ్డు పట్టుకోవాలంటే పూర్తిగా వెనక్కి తిరగాలి. x^(2/3) మీద నడక అదే: కిందికి దిగుతూ వచ్చి, 0 దగ్గర ఆగి, మళ్లీ పైకి. ఘనమూలం మీద అయితే పైకి వస్తూ పైకే పోతారు, తిరిగే పని లేదు. కస్ప్ దగ్గర y-అక్షాన్ని స్పర్శరేఖ అనాలా వద్దా అన్న దగ్గర పుస్తకాలు విడిపోతాయి. వాలుల గుర్తులు కలవాలని పట్టుబట్టేవాళ్లు వద్దంటారు. నేను ఛేదనరేఖలు ఎక్కడికి చేరుతున్నాయో చూస్తాను కాబట్టి అంటాను.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టిన పొరపాటు. చాలామంది ఘనమూలానికి అవకలన సూత్రం రాసి, 1/(3x^(2/3)) లో x = 0 పెట్టి, "1/0 వచ్చింది కాబట్టి నిలువు స్పర్శరేఖ" అని ముగించారు. జవాబు కుదిరింది, దారి తప్పు. ఆ సూత్రం x సున్నా కానప్పుడు వచ్చింది. 0 దగ్గర అది ఏమీ చెప్పదు. x^(1/3)·sin x తీసుకోండి. గుణకార సూత్రంతో ఇలా వస్తుంది:

(1/3)x^(-2/3)·sin x + x^(1/3)·cos x

0 పెడితే మొదటి పదంలో సున్నాతో భాగహారం. మీ పద్ధతి ప్రకారం ఇక్కడా నిలువు స్పర్శరేఖ ఉండాలి. కానీ ఛేదనరేఖ వాలు h^(1/3)·(sin h)/h. రెండో ముక్క 1 కి, మొదటిది 0 కి పోతాయి. అవకలజం 0! స్పర్శరేఖ నిలువు కాదు, పడుకున్న x-అక్షం. సూత్రాన్నే వాడాలనుకుంటే 0 పెట్టకండి, 0 వైపు అవధి తీయండి. sin x దాదాపు x కాబట్టి మొదటి పదం (1/3)x^(1/3) లా నడిచి 0 కి చేరుతుంది. ప్రమేయం అక్కడ అవిచ్ఛిన్నమైతే ఆ దారి సరైనదే.

ఆ అవిచ్ఛిన్నత షరతుని ఊరికే పెట్టలేదు, ఛేదనరేఖలతో నిలువు స్పర్శరేఖని తేల్చేటప్పుడు కూడా అది కావాలి. లాకు తలుపుకి ఇటు ఒక నీటిమట్టం, అటు ఒక మట్టం ఉన్నట్టు, x < 0 అయితే -1, x = 0 అయితే 0, x > 0 అయితే 1 అనే ప్రమేయం తీసుకోండి. f(h)/h ఎటు చూసినా 1/|h|, రెండువైపులా +∞. అయినా అక్కడ వక్రమే తెగిపోయింది, దానికి నిలువు స్పర్శరేఖ ఏమిటి?

అభ్యాసం ఒక్కటే, కానీ తీరిగ్గా చేయాలి. x^(1/3) + x^(2/3) కి 0 దగ్గర నిలువు స్పర్శరేఖా, మొనా? ముందు f(h)/h రాసి h^(-2/3) ని బయటికి తీయండి. తేల్చాక, ఎడమవైపు వక్రం ఎంత లోతుకి దిగి మళ్లీ లేస్తుందో t తో కనుక్కోండి. ఆ అడుగు x = -1/8 దగ్గర రాకపోతే మీ లెక్కలో ఎక్కడో 0 ప్రతిక్షేపించి ఉంటారు.