సీరియల్ నంబరు ఫోటో ఒక్కటే చాలదు

పాత రోలెక్స్ వాచీ అమ్మేవారు ముందుగా పంపేది సీరియల్ నంబరు ఫోటోనే. ఆ అంకె చెక్కి ఉండేది యంత్రాన్ని పట్టి ఉంచే బయటి లోహపు కేసు మీద మాత్రమే కాబట్టి, అసలు వాచీ నంబరును నకిలీ కేసు మీద చెక్కినా, అసలు కేసులో వేరే యంత్రం బిగించినా ఫోటోలో తేడా కనబడదు.

అందుచేత రోలెక్స్ మోడళ్లలో ఒకటైన సబ్‌మెరైనర్ 16610 కొనేటప్పుడు, వెనుక మూత తీయించి, యంత్రమూ, కేసూ, ఆనాటి తేదీ రాసిన కాగితమూ ఒకే చట్రంలో కనిపించేలా కొత్త ఫోటో అడగండి. యంత్రం మీద దాని మోడల్ నంబరు 3135 అని ఉండాలి. మూతను వాచీ మెకానిక్ చేతే తీయించాలి, లేకపోతే నీరు చొరకుండా ఆపే రబ్బరు రింగు దెబ్బతినవచ్చు.

అయితే 3135ను అచ్చుగుద్దినట్లు పోలిన నకిలీ యంత్రాలూ ఉన్నాయి. వాటి విషయంలో ఈ ఫోటో కూడా చాలదు, డబ్బు చెల్లించకముందే అనుభవజ్ఞుడైన మెకానిక్ వాచీని స్వయంగా పరీక్షించాలి.