షుగర్ కాళ్ళు, షూ చేసే గాయాలు: గుర్తు, కారణం, పరిష్కారం

షుగర్ ఉన్నవాళ్ళ పాదాలు కొలిచి చెప్పులు, షూలు తయారు చేయించే పని నాది, తిరుపతిలో. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "నొప్పేం లేదన్నా, ఊరికే చిన్న మచ్చ." ఆ నొప్పి లేకపోవడమే నన్ను భయపెడుతుంది. ఏళ్ళ తరబడి షుగర్ అదుపులో లేకపోతే కాళ్ళకు వెళ్ళే నరాలు దెబ్బతింటాయి. షూ కరిస్తే మామూలు మనిషి కుంటుతాడు, విప్పి పక్కన పడేస్తాడు. స్పర్శ తగ్గిన మనిషి అదే షూతో, అదే రాపిడితో సాయంత్రం దాకా తిరుగుతాడు. చర్మం కింద ముందు వాపు, తర్వాత నీటిబొబ్బ, ఆ తర్వాత పుండు.

మీ స్పర్శ ఎలా ఉందో ఇంట్లోనే కొంతవరకు తెలుసుకోవచ్చు. కళ్ళు మూసుకుని పడుకోండి. ఇంట్లోవాళ్ళు చూపుడు వేలి కొనతో మీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల మీద ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకాలి. నొక్కకూడదు, గీరకూడదు. రెండు కాళ్ళకూ కలిపి 6 చోట్లు. తాకినప్పుడల్లా మీరు చెప్పాలి. 2 చోట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గిందనే అనుకోవాలి. అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళి, 10 గ్రాముల ఒత్తిడినిచ్చే నైలాన్ పోగుతో చేసే పరీక్ష చేయించుకోండి. కింద రాసినవన్నీ ముఖ్యంగా అలాంటివాళ్ళ కోసమే.

గుర్తు: చిటికెనవేలు బయటి పక్కన, లేదా బొటనవేలు మొదట్లో ఎముక పొడుచుకొచ్చిన చోట ఎర్ర మచ్చ. షూ విప్పిన 20 నిమిషాలకు కూడా పోవడం లేదు. కొందరికి అక్కడే చర్మం గట్టిపడి నల్లబడుతుంది.

కారణం: షూ ముందు భాగం ఇరుకు. పాదంలో అన్నిటికంటే వెడల్పైన చోటు వేళ్ళ మొదళ్ళు. బజార్లో దొరికే ఫార్మల్ షూలు సరిగ్గా అక్కడి నుంచే సన్నబడుతూ పోతాయి.

దీంట్లో ఒక చిక్కుంది. స్పర్శ తగ్గినవాళ్ళకు సరిపోయిన షూ వదులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. బిగుతుగా నొక్కితే తప్ప షూ కాలికి ఉన్నట్టే తెలియదు. అందుకే షాపులో నాలుగు జతలు వేసి చూసి, అన్నిట్లోకీ ఇరుకైనదాన్ని "ఇది బాగా పట్టుకుని ఉంది" అని తెచ్చుకుంటారు. కాలు చెప్పే మాటను ఇక్కడ నమ్మడానికి లేదు. టేపునే నమ్మాలి.

ఒకాయన విషయం చెబుతాను. వయసు 56, షుగర్ వచ్చి 14 ఏళ్ళు. బస్టాండు దగ్గర లాడ్జిలో రిసెప్షన్‌లో పని, డ్యూటీలో నల్ల షూ తప్పనిసరి. చిటికెనవేలు పక్కన మచ్చ చూసి వాళ్ళావిడ పట్టుబట్టి తీసుకొచ్చింది. సాయంత్రం పూట కాగితం మీద నిలబెట్టి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీశాను. పొడవు 25.6 సెంటీమీటర్లు, వెడల్పు 10.4. ఆయన 8 నంబరు షూలోంచి లోపలి అట్ట తీసి కొలిస్తే పొడవు 26.9, వెడల్పు 9.2. పొడవుకు ఏ ఇబ్బందీ లేదు. వెడల్పులో మాత్రం సెంటీమీటరుకు పైగా కాలు అట్ట దాటి పోతోంది. పైతోలు కొంత సాగుతుంది కాబట్టి కాలు షూలో పట్టింది. ఆ సాగదీసే పని రోజంతా చేస్తున్నది చిటికెనవేలి పక్కనున్న చర్మమే.

నా దగ్గరికి రాకముందే ఆయన ఒక పరిష్కారం చేసుకున్నాడు. షాపువాడి సలహాతో 9 నంబరు కొన్నాడు. దాని అట్ట 27.7 పొడవు, 9.5 వెడల్పు. అంటే వెడల్పులో కలిసొచ్చింది 3 మిల్లీమీటర్లే. పొడవు మాత్రం అవసరానికి మించింది. అడుగు అడుగుకూ మడమ జారి, వారం తిరక్కుండా మడమ వెనక బొబ్బ లేచింది. వేలి మచ్చ ఎక్కడిదక్కడే ఉంది. నంబరు పెంచడం ఇరుకుకు మందు కాదు. ఈ తప్పు చాలా ఇళ్ళలో జరుగుతోంది.

పరిష్కారం: పాదం కంటే షూ లోపలి పొడవు 1 నుంచి 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. వేళ్ళ మొదళ్ళ దగ్గర షూ లోపలి వెడల్పు పాదం వెడల్పుకు సరిపోవాలి. ముందు భాగం ఎత్తు కూడా చూడాలి, ఏ వేలూ పైకప్పుకు తగలకూడదు. కొలత నిలబడే తీసుకోవాలి, అదీ సాయంత్రమే. రోజంతా తిరిగేసరికి పాదం కొంచెం ఉబ్బుతుంది. రెండు కాళ్ళూ ఒకేలా ఉండవు, పెద్దదాన్నిబట్టి కొనాలి. షాపుకి వెళ్ళేటప్పుడు కాగితం మీద గీసిన పాదం కత్తిరించి తీసుకెళ్ళండి. అట్ట ఊడే షూ అయితే అట్ట మీద పెట్టి చూడండి, ఊడకపోతే కాగితాన్నే షూలో పరవండి. అంచులు మడతపడితే ఆ జత వద్దు.

ఆయనకు 26.8 పొడవు, 10.4 వెడల్పుతో గుండ్రటి ముందు భాగం ఉన్న నల్ల షూ చేయించాం. పైన వెల్క్రో పట్టీ ఉంది కాబట్టి మడమ జారదు. చూడ్డానికి ఆఫీసు షూలాగే ఉంటుంది, డ్యూటీలో ఎవరూ ఏమీ అనలేదు. మొదటి రోజుల్లో ఇంట్లోనే గంటా రెండు గంటలు వేసుకుని, విప్పి, పాదం చూసుకుని, మచ్చ లేదంటేనే సమయం పెంచుతూ పోయాడు. కొత్త జత ఏదైనా ఇలాగే అలవాటు చేయాలి. పాత షూని చెప్పులు కుట్టేవాళ్ళతో సాగదీయించవచ్చా అని అడుగుతారు. నిజమైన తోలైతే కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది. రెక్సిన్ సాగదు. సెంటీమీటరు తేడా ఉంటే రెండూ పనికిరావు.

గుర్తు: వేలి పైన, కణుపు మీద ఎర్రగా గీత, లేదా చిన్న ఆనెకాయ. వెడల్పు సరిగ్గానే ఉంది.

కారణం: లోపలి కుట్టు. నరాలు దెబ్బతింటే పాదంలోని చిన్న కండరాలు కూడా బలహీనపడతాయి. వేళ్ళు మెల్లగా డేగ గోళ్ళలా కిందికి వంగుతాయి, కణుపులు పైకి లేస్తాయి. షూ ముందు భాగంలో అందం కోసం వేసిన అడ్డ కుట్టు లోపలి వైపు సన్నటి గట్టులా ఉంటుంది. లేచిన కణుపు రోజుకు కొన్ని వేలసార్లు దానికి రాసుకుంటుంది. బలం తక్కువే, కానీ పడేది ఎప్పుడూ ఒకే చోట.

ఈ సంగతిని మనకు తేల్చి చెప్పింది పక్కనున్న వేలూరే. 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులనూ కాళ్ళనూ గమనించారు. వేళ్ళు జబ్బుతో కుళ్ళి రాలిపోవడం లేదు, నొప్పి తెలియక తగిలే దెబ్బలతో పోతున్నాయి అని చూపించారు. షుగర్ కాలికీ అదే వర్తిస్తుంది. ఇవాళ షుగర్ వాళ్ళకి రాసిస్తున్న మెత్తటి ఎమ్‌సీఆర్ రబ్బరు చెప్పులు మొదట కుష్ఠు రోగులకు వాడినవే.

పరిష్కారం: కొనే ముందు షూలో చెయ్యి పెట్టి, వేళ్ళు తగిలే పైకప్పునూ పక్కలనూ నిదానంగా తడమండి. షుగర్‌తో చేతి వేళ్ళకూ తిమ్మిరి ఉంటే మీ చేతిని నమ్మకండి, ఇంట్లోవాళ్ళ చేత తడిమించండి. కొంచెం దూది లోపల రుద్దుతూ లాగినా చాలు, కుట్టు మొన ఉన్నచోట పోగులు చిక్కుకుంటాయి. ముందు భాగం పైతోలు ఒకే ముక్కగా ఉండి, లోపల మెత్తటి అస్తరు అతుకు లేకుండా ఉన్న జత తీసుకోండి. మడమ వెనక, పక్కల్లో కుట్లు తప్పవు, అవి అస్తరు కింద దాగి ఉంటే పర్వాలేదు. కుట్టు మీద ప్లాస్టర్ అంటించే పని మాత్రం చేయకండి. చెమటకు దాని అంచు లేచి ఇంకో గట్టవుతుంది, పైగా ఉన్న కాస్త ఎత్తునూ తినేస్తుంది. సాక్సుకీ వేళ్ళ దగ్గర కుట్టు ఉంటుంది. కుట్టు లేని సాక్సు దొరక్కపోతే తిరగేసి వేసుకోండి. తెల్లటివి మంచివి, రక్తమో రసో అంటితే వెంటనే కనిపిస్తుంది.

గుర్తు: అరికాల్లో హఠాత్తుగా గాయం. నిన్న రాత్రి లేదు.

కారణం: షూలో ఏదో ఉంది. కంకర రాయి, చింతగింజ, సోల్ లోంచి పైకి పొడుచుకొచ్చిన మేకు, మడతపడిన అట్ట. ఒకామె చెప్పులో దిగిన గుండుసూదితో రెండు రోజులు తిరిగి, ఇంట్లో నేల మీద రక్తపు మరకలు చూశాకే తెలుసుకుంది. మన ఊళ్ళో ఇంకో దారి కూడా ఉంది. గుడి బయట చెప్పులు వదిలి, ఒట్టికాళ్ళతో తిరిగొచ్చి, అరికాలికి అంటుకున్న కొబ్బరి చిప్ప ముక్కతో సహా కాలు షూలో పెట్టేస్తాం.

పరిష్కారం: వేసుకునే ప్రతిసారీ, పొద్దున ఒక్కసారే కాదు, ముందు అరికాలు తుడిచి చూసుకోండి. తర్వాత షూ తిరగేసి నేలకు తట్టండి. సెల్‌ఫోన్ టార్చ్ వేసి లోపల చూడండి. చివరగా చెయ్యి పెట్టి వేళ్ళ చివరి దాకా తడమండి. తట్టాక చెయ్యి పెట్టాలి, వరస మార్చకండి, గుమ్మం బయట వదిలిన షూలో తేలు ఉండొచ్చు. షూ తిప్పి సోల్ కూడా చూడండి. మేకు తల కింద మెరుస్తోందంటే మొన పైకి వస్తోందేమో చూడాలి. అట్ట మీద బొటనవేలి మొదట్లో లోతైన గుంట పడితే ఆ చోట ఒత్తిడి ఎక్కువగా ఉంది, అట్ట మార్చే సమయం వచ్చింది. రాత్రి విప్పాక పాదం చూసుకోండి. వంగలేనివాళ్ళు నేల మీద అద్దం పెట్టుకోవచ్చు.

గుర్తు: నడుస్తుంటే చెప్పు జారిపోయింది, పది అడుగులు వేశాక గానీ తెలియలేదు.

స్పర్శ బాగా తగ్గింది. హవాయి చెప్పులు ఇవాళే మానేయండి. వేళ్ళ మధ్య పట్టీ ఉన్న ఏ చెప్పూ వద్దు. మడమ వెనక పట్టీ, వెల్క్రో, ఎమ్‌సీఆర్ అట్ట ఉన్నది తీసుకోండి, సోల్ మేకులతో కాకుండా అంటించీ కుట్టీ చేసినదై ఉండాలి. అలిపిరి మెట్లు 3550 ఒట్టికాళ్ళతో ఎక్కుతానని మొక్కుకున్నవాళ్ళు ముందు డాక్టర్‌ను అడగాలి. ఎండకు కాలిన బండ మీద ఈ కాళ్ళకు బొబ్బలు లేచినా తెలియదు.

ఇక షూ మార్చినంత మాత్రాన తీరనివి కొన్ని ఉన్నాయి. చర్మం తెగి పుండు పడినా, ఆనెకాయ కింద నల్లగా రక్తం కనిపించినా, రసి గానీ వాసన గానీ వచ్చినా కొత్త షూ కోసం నా దగ్గరికి రాకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. గాయం లేకుండానే ఒక పాదం ఎర్రగా వాచి, చేతి వెనక భాగంతో తాకితే రెండోదానికంటే వేడిగా ఉంటే నడవడం ఆపేయండి. లోపల ఎముకలు విరుగుతూ ఉండొచ్చు, దాన్నీ అదే రోజు చూపించాలి. ఆనెకాయను బ్లేడుతో కోయకండి, మందు పట్టీ వేయకండి. ఆ పట్టీలోని యాసిడ్ పక్కనున్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. పుండు పూర్తిగా మానాక డాక్టర్ సరేనంటే అప్పుడు కొలతకు రండి. పాత కాగితం తేకండి, మళ్ళీ కొత్తగా గీద్దాం, పుండు మానిన కాలి ఆకారం మారి ఉండొచ్చు.