వరద నీళ్లు దిగిన బావిని, బోరును మళ్లీ వాడకంలోకి ఎలా తేవాలి?

వరద తగ్గగానే చాలామంది చేసే మొదటి పని గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ తెచ్చి నూతిలో చల్లేయడం. 2022 జులైలో గోదావరి కోనసీమ లంకల మీదికి వచ్చినప్పుడైనా, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీల్లోకి, మున్నేరు ఖమ్మంలోకి వచ్చినప్పుడైనా ఊళ్లల్లో ఇదే జరిగింది. అలా చల్లితే పెద్దగా లాభం ఉండదు. నీళ్లు బురదగా ఉన్నంతసేపు క్లోరిన్ ఆ బురదకే ఖర్చైపోతుంది, క్రిముల దాకా చేరదు. ముందు తోడాలి, తర్వాత నీరు తేరాలి, ఆ తర్వాతే బ్లీచింగ్. అన్నిటికన్నా చివర పరీక్ష.

చుట్టూ పొలంలోనో వీధిలోనో నీళ్లు నిలిచి ఉన్నంతకాలం అసలు మొదలుపెట్టకండి, మీరు తోడిన కొద్దీ ఆ మురికే మళ్లీ దిగుతుంది. అప్పటిదాకా ట్యాంకర్ నీళ్లో, కనీసం ఒక నిమిషం తెర్లేలా మరిగించిన నీళ్లో తాగండి. నీళ్ల మీద డీజిల్ తెట్టు కనిపించినా, పురుగుమందు వాసన వచ్చినా మరిగించి కూడా తాగొద్దు. ఆ విషాలు మరిగిస్తే పోవు, బ్లీచింగ్‌తోనూ పోవు. ఆ బావిని పక్కనపెట్టి ల్యాబ్‌కు చెప్పాల్సిందే.

వరల బావి అయితే

పైన తేలే చెత్త, చచ్చిన జీవాలు గాలంతో, బకెట్‌తో తీసేయండి. మోటారు పెట్టి తోడేటప్పుడు మాత్రం తొందర వద్దు. వరద తర్వాత చుట్టూ నేల తడిసి బరువుగా ఉంటుంది, లోపలి నీళ్లే వరలను ఎదురు నెడుతూ నిలబెడుతుంటాయి. ఒక్కపూటలో అడుగు కనబడేలా తోడేస్తే వరలు పక్కకు జరిగి కూలిపోయే ప్రమాదం ఉంది. కొంత తోడి, ఆగి, ఊట ఎక్కనిచ్చి మళ్లీ తోడండి. రెండు మూడు రోజులు పట్టినా పర్లేదు.

పూడిక తీయడానికి మనిషిని దించాలనుకుంటే ఇంకోసారి ఆలోచించండి. అడుగున చెడుగాలి ఉంటుంది, దీపం దించి చూసినా అన్ని విషవాయువులూ దానితో తెలియవు. పెట్రోలు, డీజిల్ ఇంజన్లు ఎట్టి పరిస్థితుల్లోనూ బావిలోపల పెట్టొద్దు, ఆ పొగే మనుషుల్ని చంపేస్తుంది. దిగక తప్పకపోతే ఆ పని తెలిసిన వాళ్లనే, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు ముగ్గురు పట్టుకుని ఉండగా దించండి. బ్లీచింగ్ వేశాక మాత్రం ఎవరూ దిగకూడదు.

నీరు తేరిందో లేదో చూడటానికి గాజు గ్లాసులో పట్టి వెనక న్యూస్‌పేపర్ పెట్టండి. అక్షరాలు స్పష్టంగా చదవగలిగితే తర్వాతి పనికి సిద్ధమైనట్టే.

ఇప్పుడు లెక్క. మీ నుయ్యి 4 అడుగుల వెడల్పు, అంటే 1.2 మీటర్లు, అందులో నీళ్లు 3 మీటర్లు ఉన్నాయనుకుందాం. వెడల్పును వెడల్పుతో, ఆ తర్వాత నీటి లోతుతో హెచ్చించి, 3.14తో గుణించి 4తో భాగిస్తే సుమారు 3.4 ఘనపు మీటర్లు, అంటే 3,400 లీటర్లు. వరద తర్వాత చేసే గట్టి మోతాదుకు లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. తాజా పౌడర్‌లో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది కానీ, సంచి విప్పి పెడితే అది తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి పావు వంతే ఉందని లెక్కేసుకుందాం. అప్పుడు వెయ్యి లీటర్లకు 200 గ్రాములు, ఈ నూతికి సుమారు 700 గ్రాములు. ఘాటు వాసనే లేని పాత పౌడర్ అయితే అది ఉత్త సున్నం, పారేయండి.

గ్లవ్స్, మాస్క్ పెట్టుకుని ప్లాస్టిక్ బకెట్‌లో పౌడర్‌ను కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పావు బకెట్ దాకా నీళ్లు పోసి కలియబెట్టండి. పది నిమిషాల్లో సున్నం అడుగుకు చేరుతుంది. పై తేట మాత్రమే వాడాలి. ఫినాయిల్, బాత్రూం యాసిడ్ లాంటివి దీంతో కలపొద్దు, విషవాయువు పుడుతుంది. తేటను కొంత లోపలి వరల మీద చుట్టూ పోసి, మిగతాది నీళ్లలో వేసి, చేదతో పైకి కిందికి లాగి బాగా కలపండి. 12 నుంచి 24 గంటలు ఎవరూ ముట్టుకోకూడదు. మర్నాటికి క్లోరిన్ వాసన పూర్తిగా పోయిందంటే లోపల ఇంకా మురికి ఉన్నట్టు, మళ్లీ చేయాలి.

బోరు అయితే

ముందు మోటారు ఆన్ చేసే ఆత్రం ఆపుకోండి. స్టార్టర్ పెట్టె, కేబుల్ జాయింట్లు మునిగి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసి సరేనన్నాకే స్విచ్ ముట్టుకోవాలి. కేసింగ్ మూతి మునిగి ఒండ్రు లోపలికి దిగి ఉంటే, మోటారును బయటికి తీయించి కంప్రెసర్ బండితో ఫ్లషింగ్ చేయించడం మేలు. లేకపోతే ఇసుక పట్టి పంపు బిగుసుకుపోతుంది.

ఆరున్నర అంగుళాల బోరులో ఒక అడుగుకు ఇంచుమించు ఆరున్నర లీటర్లు పడతాయి. బోరు 200 అడుగులు, నీళ్లు 40 అడుగుల దగ్గర తగిలితే, నీళ్లున్నది 160 అడుగులు, అంటే 1,040 లీటర్లు. ఇక్కడ చేదతో కలపలేం, అందుకే రెట్టింపు మోతాదు, అంటే సుమారు 400 గ్రాములు వేస్తారు. పొడి నేరుగా పోయొద్దు, సున్నం అడుగున పేరుకుంటుంది. తేటను పోసి, పంపు నడిపి, పైపు చివర మళ్లీ కేసింగ్‌లోనే పెట్టి నీళ్లు తిప్పండి. పైపు నుంచి ఘాటుగా వాసన వచ్చాక, ఆ నీళ్లే ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి ఇంట్లో ఒక్కో కుళాయి వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. ట్యాంకు ముందే కడిగి ఉండాలి, ఆర్‌వో ఫిల్టర్‌కు ఈ నీళ్లు వెళ్లకూడదు. ఇదీ ఒక రాత్రి అలాగే ఉండాలి.

బావైనా, బోరైనా మర్నాడు వాసన పోయేదాకా తోడి పారబోయండి, చేపల చెరువులోకి, సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం కాదు.

పరీక్ష

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. క్లోరిన్ ఇంకా ఉండగా నీళ్లు పట్టి ల్యాబ్‌కిస్తే బాగున్నాయనే వస్తుంది, ఊటలో క్రిములున్నా సరే. పంచాయతీ వాళ్ల దగ్గర ఉండే క్లోరోస్కోప్ చుక్కలు వేసి చూడండి, పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. రంగు రాకుండా పోయాక వారం, పది రోజులు మామూలుగా తోడి వాడుతూ, తాగేవి మరిగించుకుంటూ, అప్పుడు శాంపిల్ ఇవ్వండి. సీసా ల్యాబ్ ఇచ్చినదే వాడండి, లోపల కడగొద్దు, మూత లోపలి వైపు వేలు తగలనీయొద్దు. కుళాయిని రెండు మూడు నిమిషాలు వదిలి పట్టి, ఐస్ పెట్టె‌లో ఆరు గంటల్లోపు అందించండి. ఆంధ్రలో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులు, తెలంగాణలో మిషన్ భగీరథ ల్యాబులు ఉన్నాయి. రిపోర్టులో చూడాల్సింది ఒక్కటే: నీళ్లలో మలం కలిసిందని చెప్పే ఈ.కోలై క్రిమి 100 మిల్లీలీటర్లలో అసలు కనబడకూడదు. క్రిముల మురికి ఉందేమో ఊళ్లోనే చూసుకునే హెచ్‌టూఎస్ సీసాలో నీళ్లు పోస్తే ఒకటి రెండు రోజుల్లో నల్లగా మారడం కూడా చెడ్డ సూచనే. నల్లబడలేదు కదా అని ల్యాబ్ మానేయకండి.

మొదటి రిపోర్టు బాగుంటే తాగడం మొదలుపెట్టొచ్చు, నెలలోపు ఇంకోసారి పరీక్ష చేయించండి. తప్పితే మొత్తం మళ్లీ ఒకసారి చేయాలి. రెండోసారీ తప్పిందంటే ఇక బ్లీచింగ్ పెంచి లాభం లేదు, మురికి రోజూ వస్తోంది. 15 మీటర్లలోపు మరుగుదొడ్డి గుంట ఉందేమో, వరల అతుకులు విడిచాయేమో, కేసింగ్ చుట్టూ మట్టి కుంగి సందు పడిందేమో చూడండి. సందుంటే సిమెంటుతో పూడ్పించి, చుట్టూ వాలుగా గట్టు కట్టించి, కేసింగ్‌ను ఈసారి వచ్చిన వరద మట్టం కన్నా రెండడుగులు పైకి పెంచి మూత బిగించండి. ఆ పనయ్యాక బ్లీచింగ్, పరీక్ష మళ్లీ మొదటి నుంచి.