పాల స్లిప్పు స్క్రీన్‌షాట్ చూసి మనకు రావాల్సిన డబ్బు లెక్కగట్టడం ఎలా?

వింజమూరు దగ్గర మా అత్త రెండు బర్రెల పాలు కేంద్రానికి పోస్తుంది. ఈ మధ్య ఆమె ఫోన్ చేసి, "స్క్రీన్‌షాట్లు పంపిచ్చినా, ఈసారి బిల్లు ఎందుకో తక్కువగా అనిపిస్తా ఉంది, కాస్త చూసిపెట్టు నాయనా" అంది. పాలు తగ్గలేదు, ఫ్యాట్ తగ్గలేదు, పైగా కొత్త రేటు చార్టు వచ్చిందని కేంద్రంలో చెప్పారట. కూర్చుని ఒక్కో స్లిప్పూ లెక్క కడితే తేడా ఎక్కడుందో దొరికింది. ఆ లెక్క ఎవరైనా ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో చేసుకోవచ్చు. ఎలాగో అత్త స్లిప్పుతోనే చెప్తాను. ఇక్కడి రేట్లు ఆ ఒక్క చార్టువి. మీ లెక్కకు మీ కేంద్రం చార్టే వాడాలి.

ఒక ఉదయం పూట స్లిప్పు ఇలా ఉంది:

```
Shift: M    Type: BUF
Qty : 5.40 L
FAT : 6.4
SNF : 8.8
Rate: 50.20
Amt : 271.08
```

M అంటే ఉదయం, E అంటే సాయంత్రం. BUF అంటే బర్రె పాలు. ఆవు పాలకు చార్టు వేరుగా ఉంటుంది కాబట్టి ముందు చూడాల్సింది ఈ Type వరుసే. రెండు రకాల పాలూ పోసే ఇళ్లలో ఒక్కోసారి బర్రె పాలు ఆవు పాలుగా ఎక్కేస్తాయి. ఫ్యాట్ అంటే పాలలో వెన్న శాతం. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న, నీళ్లు తీసేస్తే మిగిలే మాంసకృత్తులు, చక్కెర, లవణాలు అన్నీ కలిపిన శాతం. కొన్ని మెషిన్లు TS అని కూడా చూపిస్తాయి. అది ఈ రెండింటి మొత్తం, అంటే ఇక్కడ 6.4, 8.8 కలిపితే 15.2. చార్టులో ఎస్‌ఎన్‌ఎఫ్ గడి వెతకాల్సిన చోట TS అంకె పెట్టుకుంటే లెక్క మొదట్లోనే తప్పిపోతుంది.

స్క్రీన్‌షాట్ చేతులు మారి మసకబారితే 8.8, 8.3 ఒకేలా కనిపిస్తాయి. అందుకే అంకెలు కాగితం మీద రాసుకోగానే Qty ని Rate తో గుణించండి. 5.40 × 50.20 = 271.08. కింద ఉన్న Amt తో సరిపోయింది, అంటే ఈ మూడు అంకెలూ మనం సరిగ్గా చదివినట్టే. సరిపోకపోతే మెషిన్‌ను అనుమానించే ముందు మన కళ్లనే అనుమానించి, బొమ్మను పెద్దది చేసి మళ్లీ చూడాలి. ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ సరిగ్గా చదివామా లేదా అన్నది తర్వాత చార్టులో తేలుతుంది. ఇంకో జాగ్రత్త: ఫోన్ గ్యాలరీ స్క్రీన్‌షాట్లను మనం తీసిన తేదీ వారీగా పేరుస్తుంది, పాలు పోసిన తేదీ వారీగా కాదు. నాలుగు పూటలవి ఒకేసారి తీసి ఉంటే, స్లిప్పు లోపలి తేదీ చూసి వరుస పెట్టుకోవాలి. లేకపోతే ఒక పూట రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు చార్టు తీయండి. అత్త కేంద్రంలో గోడకు అంటించిన చార్టును ఫోటో తీసి పంపింది. మనకు కావాల్సిన ముక్క ఇది:

```
రేటు: రూ./కేజీ (BUF)
FAT    SNF 8.8   SNF 8.9   SNF 9.0
6.3    49.40     49.90     50.40
6.4    50.20     50.70     51.20
6.5    51.00     51.50     52.00
7.1    55.80     56.30     56.80
```

అడ్డ వరుసలో ఫ్యాట్ 6.4 పట్టుకుని, నిలువు వరుసలో ఎస్‌ఎన్‌ఎఫ్ 8.8 దగ్గరికి వెళ్తే 50.20 దొరుకుతుంది. స్లిప్పులో ఉన్న రేటూ అదే. అంటే మెషిన్ సరైన గడి నుంచే రేటు తీసుకుంది. ఈ చార్టు ఎలా అల్లారో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. ఫ్యాట్ ఒక్క పాయింట్, అంటే 0.1 పెరిగితే 80 పైసలు పెరుగుతోంది. ఎస్‌ఎన్‌ఎఫ్ 9.0 నుంచి ఒక్కో పాయింట్ తగ్గే కొద్దీ 50 పైసలు కోత పడుతోంది.

మీ మెషిన్ ఫ్యాట్‌ను 6.48 అని రెండు దశాంశాల్లో చూపిస్తే, చార్టులో ఆ గడి ఉండదు. కొన్ని చోట్ల దాన్ని 6.5 చేస్తారు, కొన్ని చోట్ల చివరి అంకె కొట్టేసి 6.4 కిందే కడతారు. మీ దగ్గర ఏది నడుస్తోందో తెలియాలంటే చివరి అంకె 5 కంటే ఎక్కువ ఉన్న స్లిప్పులు ఐదారు తీసి, వాటి Rate చార్టులో ఏ గడిలో ఉందో చూడండి. అన్నీ కింది గడిలోనే ఉంటే చివరి అంకె కొట్టేస్తున్నట్టు.

స్లిప్పులో ఎస్‌ఎన్‌ఎఫ్ బదులు CLR అని 27, 28 లాంటి అంకె ఉంటే కంగారు పడొద్దు. అది లాక్టోమీటర్ రీడింగ్. చాలా చోట్ల వాడే సూత్రం ఇది:

```
SNF = CLR/4 + 0.25 × FAT + 0.44
```

CLR 27, ఫ్యాట్ 6.4 అయితే 6.75 + 1.60 + 0.44 = 8.79, అంటే దాదాపు 8.8. అయితే చివర కలిపే అంకెలు అన్ని డెయిరీల్లోనూ ఒకటి కావు. మీ దగ్గర ఏ సూత్రం వాడుతున్నారో కేంద్రంలో అడిగి రాసుకోండి.

ఇంతవరకూ అత్త స్లిప్పులో తప్పేమీ కనిపించలేదు. గుణకారం సరిగ్గా ఉంది, గడి సరిగ్గా ఉంది. అసలు సంగతి చార్టు పైన చిన్న అక్షరాల్లో ఉంది: "రూ./కేజీ". స్లిప్పులో పాలేమో లీటర్లలో ఉన్నాయి, 5.40 L. కేజీ రేటును లీటర్లతో గుణించేశారు.

పాలు నీళ్ల కంటే కొంచెం బరువు. లెక్కల్లో 1 లీటరు పాలను 1.03 కేజీలుగా తీసుకుంటారు. కాబట్టి 5.40 లీటర్లంటే 5.40 × 1.03 = 5.562 కేజీలు. దాన్ని 50.20 తో గుణిస్తే 279.21 రూపాయలు. స్లిప్పులో పడింది 271.08. ఒక్క పూటకు 8 రూపాయల 13 పైసలు తేడా. ఆ రోజు సాయంత్రం 4.10 లీటర్లు పోసింది, ఫ్యాట్ 7.1, ఎస్‌ఎన్‌ఎఫ్ 9.0. చార్టు ప్రకారం రేటు 56.80. లీటర్లతో గుణిస్తే 232.88, కేజీల్లోకి మార్చి గుణిస్తే 239.87. రెండు పూటలూ కలిపి రోజుకు 15 రూపాయలు, రోజూ ఇంచుమించు ఇలాగే పోస్తుంది కాబట్టి 15 రోజుల బిల్లుకు దాదాపు 225 రూపాయలు. ఒక్కో స్లిప్పులో చూస్తే ఇది ఎవరి కంటికీ ఆనదు.

కానీ ఇక్కడ తొందరపడి 1.03 తో గుణించేయకూడదు. స్లిప్పులో L అని ఉన్నంత మాత్రాన అవి లీటర్లే కావాలని లేదు. చాలా కేంద్రాల్లో పాలను ఎలక్ట్రానిక్ కాటా మీద తూస్తారు. కాటా చూపేది కేజీలే. తర్వాత సాఫ్ట్‌వేర్ దాన్ని 1.03 తో భాగించి లీటర్లు చేస్తుంది, లేదా కేజీలనే ఉంచి పక్కన L అని అచ్చు వేస్తుంది. తేల్చుకునే మార్గం ఒక్కటే. పాలు పోసేటప్పుడు కాటా మీద అంకె చూసి, స్లిప్పులోని అంకెతో పోల్చాలి. కాటా మీద 5.56 ఉండి స్లిప్పులో 5.40 పడితే అవి నిజంగా లీటర్లే. కాటా మీదా 5.40 ఉంటే అవి కేజీలు, 1.03 తో గుణించే పని లేదు. చార్టు లీటరు రేటుదై, స్లిప్పులోనూ లీటర్లే ఉంటే నేరుగా గుణిస్తే చాలు. అత్తను ఒక పూట కాటా చూసి చెప్పమన్నాను. "5 పాయింట్ 61 ఉండింది నాయనా, చీటీలో 5 పాయింట్ 45 పడింది" అంది. 5.61 ని 1.03 తో భాగిస్తే 5.45 వస్తుంది. అనుమానం తీరిపోయింది.

లెక్కను ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు, ఇది కేజీ ఫ్యాట్ రేటు కట్టే చోట బాగా పనికొస్తుంది. 5.562 కేజీల పాలలో 6.4 శాతం వెన్న, అంటే 0.355968 కేజీ. ఫ్యాట్ పాయింట్‌కు 80 పైసలంటే కేజీ ఫ్యాట్ 800 రూపాయలని అర్థం. అలా 284.77 వస్తుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ రెండు పాయింట్లు తక్కువ కాబట్టి కేజీకి 1 రూపాయి చొప్పున 5.56 తీసేస్తే మళ్లీ 279.21. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చిందంటే మన లెక్క గట్టిదే.

15 రోజులకు 30 స్లిప్పులు కాలిక్యులేటర్‌లో కొట్టడం కష్టమనిపిస్తే ఫోన్‌లో షీట్ తెరిచి B లో లీటర్లు, C లో ఫ్యాట్, D లో ఎస్‌ఎన్‌ఎఫ్, E లో చార్టు రేటు రాసి, F లో ఇది పెట్టండి:

```
=ROUND(B2*1.03*E2,2)
```

దాన్ని కిందికి లాగి, చివర `=SUM(F2:F31)` వేస్తే మొత్తం వస్తుంది. మీ దగ్గర మార్చే పని లేకపోతే 1.03 తీసేయండి. ఏ పూటకా పూట కట్టి కూడాలే గాని, బిల్లు కింద ఉండే సగటు ఫ్యాట్ పట్టుకుని ఒకేసారి గుణించకండి. అత్తకు ఆ రోజు 6.4, 7.1 సగటు 6.75 అనుకుంటాం. కానీ ఉదయం పాలు ఎక్కువ, వాటిలో ఫ్యాట్ తక్కువ. పాల లెక్కన చూస్తే సగటు 6.7 మాత్రమే.

రీడింగే తక్కువగా వస్తోందేమో అన్న అనుమానం వేరే సంగతి, దాన్ని ఈ లెక్క తేల్చదు. వెన్న ఎక్కువగా ఉండేది పితుకుడు చివరి పాలలో. అవి దూడకు వదిలేస్తే ఫ్యాట్ దిగుతుంది. క్యాన్‌లో మీగడ పైకి తేలాక బాగా కలపకుండా శాంపిల్ తీసినా రీడింగ్ తప్పుతుంది. ఒక్క ఫ్యాటే తగ్గితే ముందు ఇవి చూసుకోవాలి. ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ కలిసి పడిపోతే క్యాన్ కడిగిన నీళ్లు మిగిలిపోతున్నాయేమో చూడాలి.

అత్త మూడు కాగితాలు పట్టుకుని కేంద్రానికి వెళ్లింది: చార్టు ఫోటో, రెండు పూటల స్లిప్పులు, కాటా అంకె రాసుకున్న చీటీ. మొత్తం తేడా గురించి మాట్లాడకుండా ఆ ఒక్క ఉదయం పూట లెక్కనే అక్కడి అబ్బాయి ముందు పెట్టింది. అతను కాలిక్యులేటర్ తీసి తనే కొట్టి చూశాడు. పాత చార్టు లీటరు రేటుదట. కొత్తది కేజీ రేటుది. మెషిన్‌లో చార్టు మార్చారు గాని, లీటర్ల సెట్టింగ్ అలాగే ఉండిపోయింది. తర్వాతి బిల్లులో ఆ పదిహేను రోజుల తేడా విడిగా ఒక వరుసలో పడింది. ఆ స్క్రీన్‌షాట్ కూడా అత్త నాకు పంపింది.