ముందుకాలు నిలబెట్టి జావెలిన్ విసరడం ఎలా?

2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసిరిన త్రోను మన పిల్లలందరూ ఫోన్లలో చూసే ఉంటారు. ఈసారి చూసేటప్పుడు చేతి మీద నుంచి కళ్లు తీసి, ఆయన ఎడమకాలి మోకాలిని చూడమనండి. అంత వేగంగా పరుగెత్తుకొచ్చిన మనిషి ఆ కాలు నేలకు ఆనించగానే నడుము కింద భాగం వేగం ఒక్కసారిగా తగ్గిపోతుంది. మోకాలు పెద్దగా మడవదు. పై శరీరం మాత్రం ఆ కాలి మీదుగా ముందుకు దూసుకుపోతుంది. జావెలిన్‌కు దూరాన్నిచ్చేది ఎక్కువగా అదే. చెయ్యి ఆ పనిని ముగిస్తుంది, అంతే.

ఇది అర్థం కావాలంటే నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కిన అనుభవం చాలు. పంటు రేవుకు తగలగానే నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలతారు. పాదాలు ఆగిపోయాయి, తల ఇంకా అదే వేగంతో పోతోంది. జావెలిన్‌లో ఈ తూలడాన్ని మనమే కావాలని తెచ్చుకుంటాం.

లెక్క కూడా సులువే. మనిషిని తిన్నని కర్ర అనుకుందాం. సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తూ పాదం దగ్గర ఒక్కసారిగా ఆగితే, తుంటి వేగం 3.75 మీటర్లకు తగ్గుతుంది, భుజం వేగం 6 మీటర్లు దాటుతుంది. కండరాలు ఇంకా ఏ పనీ చేయకముందే భుజానికి వచ్చిన లాభం ఇది. అసలు మనిషి కర్ర కాదు, మధ్యలో చాలా కీళ్లున్నాయి. ఆ కీళ్లు వరసగా కదిలితే చేతికి చేరేసరికి వేగం ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. మోకాలు మడిస్తే మాత్రం పాదం ఆగినా తుంటి అలా నెమ్మదించదు, లాభం అక్కడే పోతుంది.

ఇక నేర్చుకునే పద్ధతి. ఇక్కడ చెప్పేదంతా కుడిచేత్తో విసిరేవాళ్లకు. ఎడమచేతివాళ్లు కాళ్లు మార్చుకుని చదువుకోవాలి.

ముందు నేల చూడండి

డెల్టాలో ఈ పని అన్నిటికన్నా ముందు. మన ఒండ్రునేల జులై నుంచి నవంబరు దాకా తడిసి పాదం కింద జారుతుంది. తడి నేల మీద పూర్తి పరుగుతో విసిరిస్తే పిల్లలు తెలియకుండానే మోకాలు మడవడం అలవాటు చేసుకుంటారు. జారిపోతామన్న భయంతో శరీరం అలా కాపాడుకుంటుంది. "ఆయ్, కాలు గట్టిగానే పెడుతున్నానండి మాస్టారూ, జారిపోతోందండి" అని పిల్లాడు అన్నాడంటే తప్పు వాడిది కాదు, నేలది. ఆ నెలల్లో నిలబడి విసిరేవి, సిమెంటు అరుగు మీద కాలు ఆనించే అభ్యాసాలు చేయించుకోవడం మేలు. పూర్తి పరుగు సంక్రాంతి తర్వాత మొదలుపెట్టవచ్చు. ఎండాకాలంలో నల్లనేల నెర్రెలు తీస్తుంది కాబట్టి మడమ పడే చోట మట్టి కప్పి దిమ్మిస కొట్టించాలి.

ప్రతి త్రో తర్వాత ఎడమపాదం పడిన చోటికి వెళ్లి ఆ గుర్తు చూడండి. మడమ కొట్టుకున్న చోట చిన్న గుంట, దాని ముందు పాదం ఆనిన అచ్చు, అంతే ఉండాలి. జానెడు పొడవున మట్టి గీసుకుపోయి ఉంటే పాదం ఆగలేదని అర్థం. జావెలిన్ ఎంత దూరం పడిందో చూసేకంటే ముందు నేను ఈ గుర్తే చూస్తాను.

నిలబడి విసరడంతో మొదలుపెట్టండి

జావెలిన్ కూడా అక్కర్లేదు, క్రికెట్ బంతి చాలు. విసిరే దిక్కుకు ఎడమభుజం చూపిస్తూ పక్కకు నిలబడండి. బరువంతా కుడికాలి మీద ఉండాలి, ఆ మోకాలు కొద్దిగా మడవాలి. ఎడమకాలు తిన్నగా ముందుకు చాచి, నేలకు కొంచెం పైన పట్టుకోండి. బంతి ఉన్న చెయ్యి భుజం ఎత్తులో వెనక్కి పూర్తిగా చాచి ఉండాలి.

ఇప్పుడు కుడి మోకాలిని, కుడి తుంటిని విసిరే దిక్కుకు తిప్పుతూ నెట్టండి. ఆ నెట్టుడుతోనే ఎడమపాదం నేలకు ఆనాలి. ముందు మడమ, వెంటనే అరికాలంతా. వేళ్లు విసిరే దిక్కుకే చూడాలి. చెయ్యి మాత్రం ఇంకా వెనకే ఉండాలి. కొత్తవాళ్లకు కష్టమంతా ఇక్కడే. కాలూ చెయ్యీ ఒకేసారి కదిలిపోతుంటాయి. తుంటి ముందుకు తిరిగి, చెయ్యి వెనకే ఉండిపోతే పొట్ట, ఛాతీ, భుజం ముందువైపు కండరాలు సాగి బిగుసుకుంటాయి. ఆ సాగుడు స్పష్టంగా తెలుస్తుంది. అది తెలియలేదంటే చెయ్యి తొందరపడినట్టే.

ఆ బిగువు తర్వాత వరస దానంతట అదే నడుస్తుంది. తుంటి ఆగుతుంది, ఛాతీ ముందుకొస్తుంది. ఛాతీ నెమ్మదించేసరికి భుజం, ఆ తర్వాత మోచేయి, చివరగా అరచెయ్యి. వెనక ఉన్నది ఆగినప్పుడే ముందున్నది దాని వేగాన్ని తీసుకుంటుంది. మోచేయి భుజం కన్నా పైన ఉండి చెవి పక్కనుంచి వెళ్లాలి. మోచేయి కిందికి జారి పక్కనుంచి వస్తే లోపలివైపు స్నాయువు మీద భారం పడుతుంది. జావెలిన్ వాళ్లకు మోచేతి గాయాలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

ఎడమచేతిని మరిచిపోకండి. దాన్ని పక్కకు విసిరేస్తే ఎడమభుజం వెనక్కి తిరిగిపోయి, కాలు ఆపిన వేగం పక్కకు పోతుంది. విసిరే క్షణానికి ఎడమ మోచేయి మడిచి పక్కటెముకలకు దగ్గరగా పెట్టాలి. అప్పుడు పాదం నుంచి భుజం దాకా ఎడమవైపంతా ఒకే గట్టి గోడగా ఉంటుంది.

చివరి రెండడుగులు

నిలబడి విసరడం కుదిరాక మూడు అడుగులు, తర్వాత అయిదు అడుగులతో విసరండి. అసలు విషయం చివరి రెండడుగుల్లో ఉంది. కుడిపాదం పడగానే ఎడమపాదం వెంటనే పడాలి. చప్పుడు "టప్... టప్" అని విడివిడిగా కాక "టటప్" అని కలిసిపోయినట్టు వినిపించాలి. కుడిపాదం నేలను తాకేసరికే ఎడమకాలు దాన్ని దాటి ముందుకు వచ్చేసి ఉంటేనే ఇది సాధ్యం. ఎడమకాలు ఆలస్యమైతే ఛాతీ ముందుకు వాలిపోతుంది, ఇక ఆపడానికి ఏమీ మిగలదు.

ఎడమపాదం ఆనినప్పటి నుంచి జావెలిన్ చెయ్యి వదిలేదాకా పట్టేది ఇంచుమించు 0.15 సెకను. పాదం నేలకు తగిలింది, ఇప్పుడు కాలు బిగిద్దాం అనుకుంటే కుదరదు. ఆ ఆలోచన మెదడు నుంచి కాలికి చేరేసరికి త్రో అయిపోతుంది. అందుకే పాదం గాలిలో ఉండగానే తొడ ముందు కండరాన్ని బిగించాలి. "కాలు పెట్టి బిగించు" అని పిల్లలకు చెప్పకండి. "బిగించిన కాలు పెట్టు" అని చెప్పండి. దీనికి మంచి అభ్యాసం ఒకటుంది. జానెడు ఎత్తు మెట్టు మీద నుంచి ముందుకు దిగి, ఎడమకాలి మీద మోకాలు మడవకుండా ఆగాలి. మోకాలిని వెనక్కి విరిచేంత తిన్నగా కాదు, తొడ బిగువుతో నిలిచేంత తిన్నగా. నొప్పి వస్తే అక్కడితో ఆపేయాలి.

కాలు ఎంత ముందుకు పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. మరీ ముందుకు పెడితే మనిషి కాలి వెనకే ఆగిపోతాడు, జావెలిన్ ఆకాశంలోకి లేచి దగ్గరే పడుతుంది. మరీ దగ్గర పెడితే కాలి మీదుగా పరుగెత్తి గీత దాటేస్తాడు. సరిగ్గా పడితే శరీరం కాలి మీదుగా లేచి ముందుకు పోయి, కుడిపాదం ముందుకొచ్చి ఆపుకుంటుంది. ఆ ఆపుకునే అడుగు కోసం గీతకు వెనక రెండు మీటర్లయినా వదిలిపెట్టి విసరాలి.

ఫోన్‌తో చూసుకోవడం

మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములే ఉంటాయి. 0.15 సెకనుకు నాలుగైదు బొమ్మలే వస్తాయి, వాటితో ఏమీ తేలదు. స్లో మోషన్‌లో 240 పెడితే 36 బొమ్మలు దొరుకుతాయి. ఫోన్‌ను పక్కనుంచి, తుంటి ఎత్తులో పట్టుకుని తీయించండి. మడమ తగిలిన బొమ్మ ఒకటి, జావెలిన్ చెయ్యి వదిలిన బొమ్మ ఒకటి ఆపి, రెండింట్లో తుంటి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో పోల్చండి. రెండో బొమ్మలో తుంటి కిందికి దిగి ఉంటే మోకాలు కూలిందన్నమాట. లేచి ఉంటే కాలు పని చేసింది.

మా దగ్గరికొచ్చే ఇంటర్ కుర్రాడొకడు 700 గ్రాముల జావెలిన్‌ను ఎంత వేగంగా పరుగెత్తినా 40 మీటర్ల దగ్గరే ఆగిపోయేవాడు. వాడి వీడియోలో మడమ తగిలినప్పుడు మోకాలు తిన్నగానే ఉంది. పది బొమ్మలు దాటేసరికి బాగా మడిచి, తుంటి కిందికి జారి, చెయ్యి ఒంటరిగా విసురుతోంది. పరుగు తగ్గించి అయిదు అడుగులకు తెచ్చాం. ఆ వేగాన్ని కాలు మోయగలిగింది, తుంటి ఆగింది, జావెలిన్ పాత దూరం దాటింది. కారణం లెక్కలోనే ఉంది. తల ఎత్తు నుంచి 35 డిగ్రీల కోణంలో సెకనుకు 20 మీటర్ల వేగంతో వదిలితే, గాలి సంగతి పక్కన పెడితే, ఇంచుమించు 40 మీటర్లు పడుతుంది. 22 మీటర్ల వేగానికి 48 దాటుతుంది. చివర్లో పెరిగే ఆ రెండు మీటర్ల వేగం పరుగులోంచే రానక్కర్లేదు, కాలు గట్టిగా ఆపితే చాలు. కాబట్టి ఎంత వేగంగా పరుగెత్తాలో ముందుకాలిని బట్టి నిర్ణయించుకోవాలి. తుంటి దిగకుండా నిలిచినంత వేగమే ప్రస్తుతానికి మీ వేగం.

షాట్‌పుట్‌లోనూ ఎడమకాలే ఆపుతుంది, కానీ ఒక తేడా ఉంది. మగవాళ్ల గుండు 7.26 కిలోలు, విసిరే వలయం అడ్డంగా 2.135 మీటర్లే. వచ్చే వేగం తక్కువ కాబట్టి అక్కడ ముందుకాలు కొద్దిగా మడిచి దిగి, తర్వాత నిటారుగా లేస్తూ గుండును పైకి ఎత్తుతుంది. జావెలిన్‌లో ఆ మడత పెట్టుకుంటే నష్టం. రెండూ ఆడే పిల్లలకు ఈ అలవాట్లు కలిసిపోతాయి, అందుకే ఒకే రోజు రెండూ చేయించకపోవడం మంచిది.

కాలు ఆపిన ప్రతిసారీ శరీరం బరువుకు ఎన్నో రెట్ల దెబ్బ మోకాలికి, నడుముకు తగులుతుంది. ఎదిగే వయసు పిల్లల చేత పూర్తి పరుగు త్రోలు వారంలో రెండు రోజులకు మించి చేయించకండి. వెనక్కి వంగినప్పుడు నడుము కింద ఒకవైపే నొప్పి పుడుతూ వారం దాటినా తగ్గకపోతే విసరడం ఆపించి ఎముకల డాక్టరుకు చూపించాలి. ఆ లోపు నిలబడి విసిరేవి కూడా వద్దు, ఎందుకంటే నడుము మెలి వాటిలోనూ ఉంటుంది.