ఇటాలియన్ అంకెలు, 4వ పాఠం: వెయ్యి దాటాక

పోయిన పాఠంలో 28, 43, 91 ఇటాలియన్‌లో చదవమన్నాను, ముందు వాటి జవాబులు. 28 వెంతోత్తొ, 43 క్వరంతత్రే, 91 నొవంతూనొ. 'వెంతి ఒత్తొ' అని విడదీసినవారు సంధి మరిచిపోయారు. ఒకటికి వాడే ఊనొ, ఎనిమిదికి వాడే ఒత్తొ అచ్చుతో మొదలవుతాయి కనుక పదుల మాటలోని చివరి అచ్చు లోపిస్తుంది.

ఈసారి ఒకే కాగితం చదువుదాం. ఇటలీలోని పాదువాలో చదువుకోవడానికి వెళ్లిన మన అమ్మాయికి గది అద్దె నెలకు 392,20 యూరోలు అనుకుందాం. మూడు నెలల అడ్వాన్సు కింద కాగితం మీద ఇలా ఉంటుంది: 1.176,60.

చుక్క చూసి ఒక యూరో చిల్లర అనుకోకండి. ఇటలీలో చుక్క వేలను విడదీస్తుంది, కామా దశాంశం చూపిస్తుంది. ఇంగ్లీషులో సరిగ్గా తిరగేసి 1,176.60 అని రాయాలి.

చదవడం ఇలా: మిల్లె చెంతొ సెత్తంతసెయ్ ఎ సెస్సాంత. అక్షరాల్లో రాస్తే వెయ్యి నుంచి ఆరు దాకా మొత్తం ఒకే పదం. ఇంగ్లీషులో: వన్ థౌజండ్ వన్ హండ్రెడ్ అండ్ సెవెంటీ సిక్స్ యూరోస్ అండ్ సిక్స్టీ సెంట్స్. ఇంగ్లీషులో వెయ్యికీ వందకీ ముందు 'వన్' కావాలి. ఇటాలియన్‌లో అక్కర్లేదు, మనం 'వెయ్యి', 'నూరు' అన్నట్టే. బ్రిటిష్ వాళ్లు వంద తర్వాత పెట్టే 'అండ్' కూడా ఇటాలియన్‌లో రాదు. అదే అర్థమిచ్చే 'ఎ' ఈ మొత్తంలో వచ్చేది సెంట్ల ముందే.

రెండు వేలైతే 'దువెమిల్లె' కాదు, దువెమీల. వెయ్యి బహువచనంలో వేలు అయినట్టు మిల్లె కాస్తా మీల అవుతుంది. ద్విత్వం పోయిందని గమనించండి. వంద మాత్రం మారదు: దువెచెంతొ, త్రెచెంతొ.

ఇక లక్ష. ఇటాలియన్‌కూ ఇంగ్లీషుకూ ఆ మాటే లేదు. మన 1,50,000 వాళ్లకు 150.000, చెంతొచింక్వంతమీల. ఇంగ్లీషులో వన్ హండ్రెడ్ అండ్ ఫిఫ్టీ థౌజండ్. లక్షల్లో ఆలోచించి అనువదించబోతే నాలుక తడబడుతుంది. కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసుకుని నేరుగా చదవడమే మేలు.

మన కాగితంలో 76, 60 రెండూ ఉండడం ఊరికే కాదు. సెత్తాంత అంటే డెబ్బై, సెస్సాంత అంటే అరవై. ఫోనులో ఈ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీలతో పడే తంటా లాంటిదే. అయితే ఒత్తులు మనకు కొత్త కాదు. 'అత్త'లో త్త, 'బస్సు'లో స్స పలికినట్టు నిలిపి పలికితే ఎదుటివారికి అనుమానం రాదు. అవతలివాళ్లు చెప్పినప్పుడే అనుమానం వస్తే 'చీఫ్రా పెర్ చీఫ్రా' అనండి, అంకె అంకెగా చెప్పమని అర్థం. అప్పుడు ఏడుకు సెత్తె, ఆరుకు సెయ్ వేరువేరుగా వినిపిస్తాయి.

ఫోన్ నంబర్లలో ఇది ఇంకా అవసరం. చాలామంది ఇటాలియన్లు నంబరును జంటలుగా చదువుతారు. చివరి ఆరంకెలు 67 08 76 అయితే: సెస్సంతసెత్తె, జేరొ ఒత్తొ, సెత్తంతసెయ్. ఇంగ్లీషులో సిక్స్ సెవెన్, ఓ ఎయిట్, సెవెన్ సిక్స్. జేరొలోని జ 'జడ'లో జ, 'జీతం'లోది కాదు. రోమ్ ల్యాండ్‌లైన్లు 06తో మొదలవుతాయి. ఇండియా నుంచి +39 కొట్టినా ఆ సున్నా వదలకూడదు.

శాతానికి ముందు ఆర్టికల్ పెట్టాలి, మనవాళ్లు తరచూ మరిచేది ఇదే. ఇటలీలో వ్యాట్ సాధారణ రేటు 22%, చదివేటప్పుడు ఇల్ వెంతిదూవె పెర్ చెంతొ. ఇంగ్లీషులో 'ది' లేకుండా ట్వంటీ టూ పర్సెంట్. 8% అయితే అచ్చు ముందు ఇల్ కుదించుకుపోయి లొత్తొ పెర్ చెంతొ. 1,5% చదివేటప్పుడు కామాను పలకాలి: ఊనొ వీర్గొల చింక్వె. ఇంగ్లీషువాళ్లు అక్కడ 'పాయింట్' అంటారు.

భిన్నాలు కొట్లో నేర్చుకోవడం తేలిక. పావు ఉన్ క్వార్తొ, ముప్పావు త్రె క్వార్తి. పైది ఒకటి దాటితే కిందిది బహువచనం, ఇంగ్లీషు 'త్రీ క్వార్టర్స్' లాగే. అరకిలో మెద్జొ కీలొ. కానీ చీజు కొనేటప్పుడు పావుకిలో అనేవాళ్లు తక్కువ, వంద గ్రాముల లెక్కలో 'ఎత్తొ' అంటారు. 250 గ్రాములు కావాలంటే దూవె ఎత్తి ఎ మెద్జొ. దీనికి ఇంగ్లీషులో సరిజోడు మాట లేదు, టూ హండ్రెడ్ అండ్ ఫిఫ్టీ గ్రామ్స్ అనాల్సిందే.

వచ్చే పాఠానికి ఇవి రెండు భాషల్లోనూ పైకి చదివి ఉంచండి: 2.067,70 యూరోలు, 2/3, 11%, 350 గ్రాములు, కొట్లో అడిగినట్టు.