టీతో మింగిన ఐరన్ మాత్ర

మా ఫ్లాట్ రెండో అంతస్తులో. పోయినేడాది కూరగాయల సంచీతో ఎక్కుతుంటే మొదటి మలుపులోనే ఆయాసం వచ్చి రెయిలింగ్ పట్టుకునేదాన్ని. వయసు అనుకున్నాను. మా అత్తయ్య నా కింది కనురెప్ప లాగి చూసి, "తెల్లగా పాలిపోయిందే, రక్తపరీక్ష చేయించుకో" అన్నారు.

హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఆడవాళ్లకు 12 ఉండాలి. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 7, అంటే అడుగంటినట్టే. కారణం నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం. దానికి వైద్యం వేరే.

రోజుకో ఐరన్ మాత్ర రాశారు. నెల తర్వాత చూస్తే 8.9! "ఎలా వేసుకుంటున్నారు?" అని డాక్టరుగారు అడిగితే, టిఫినయ్యాక టీతో అన్నాను. అక్కడే దొరికిపోయాను. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అప్పటినుంచి పరగడుపున నిమ్మరసం నీళ్లతో మాత్ర, గంటన్నర తర్వాతే టీ (ఆ గంటన్నరే అసలు కష్టం). మలం నల్లబడితే కంగారుపడ్డాను కానీ, అది మాత్ర వల్లేనట.

తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుతున్నాను, ఆదివారం మేక లివర్ వండుతున్నాను. అయితే ఇంత తగ్గాక తిండి ఒక్కటే చాలదు.

మరుసటి నెల 10.4, ఆపై నెల 12.1. నిల్వ నిండాలని మాత్రలు ఇంకో మూడు నెలలు వాడమన్నారు.